15 సెకన్ల డిటర్జెంట్ యాడ్: ఒక ఆవకాయ మరకతో సమస్య, ఎజిటేషన్, పరిష్కారం అమర్చే పద్ధతి

విశాఖలో లోకల్ కేబుల్‌కీ, యూట్యూబ్‌కీ, థియేటర్ స్లైడ్లకీ చిన్న చిన్న యాడ్లు తీసేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: "సమస్య చూపించాం, పరిష్కారం చూపించాం. మధ్యలో ఆ ఎజిటేషన్‌కి టైమెక్కడుంది?" 30 సెకన్లుంటే ఎలాగోలా సర్దుకుంటారు. 15కి వచ్చేసరికి ముందు ఎగిరిపోయేది ఎజిటేషనే. అది పోతే మిగిలేది ఒక మరక, ఒక ప్యాకెట్. అలాంటి యాడ్ చూసి ఎవరూ తమ ఇంట్లో వాడే పొడి మార్చరు.

ఎజిటేషన్ అంటే కొత్త కష్టం తెచ్చిపెట్టడం కాదు. తెర మీద ఉన్న అదే మరకని అలాగే వదిలేస్తే ఏమవుతుందో చూసేవాళ్లకి తగిలేలా చూపించడం. ఈ తేడా చేతికొస్తే నాలుగు సెకన్లు చాలు. మొదటి నుంచి చివరి దాకా ఒక్క ఉదాహరణ పట్టుకుని వెళ్దాం: స్కూలు యూనిఫాం తెల్ల చొక్కా, జేబు పక్కన ఆవకాయ నూనె మరక.

## 1. స్క్రిప్ట్ కంటే ముందు మరక పరీక్ష

ఏ మరక చూపించాలో పొడే చెప్పాలి, మీకు నచ్చిన మరక కాదు. కాబట్టి తయారీదారుని మొదట అడగాల్సింది స్లోగన్ గురించి కాదు, "ఇందులో ఏముంది?" అని. యాసిడ్ స్లర్రీ, సోడా యాష్ కలిపిన మామూలు పొడి అయితే నూనె, మట్టి, చెమట బాగా వదులుతాయి. ఎంజైములు కూడా ఉంటే గంజి, పాలు, రక్తం లాంటి మరకలకి బలం వస్తుంది. ఆక్సిజన్ బ్లీచ్ ఉంటే టీ, పండ్ల రసాల రంగు మీద పనిచేస్తుంది, కాకపోతే చల్లనీళ్లలో నెమ్మదిగా.

ఆవకాయ మరక ఒక్క మరక కాదు. అందులో నువ్వుల నూనె ఉంది, ఆ నూనెలో కరిగిన మిరప రంగు ఉంది, ఆవపిండి ఉంది. కొందరిళ్లలో పసుపు కూడా పడుతుంది. నూనె వదిలితే దానితో పాటే మిరప ఎరుపు చాలావరకు పోతుంది. మొండికేసేది పసుపు. అది ఎండ తగిలితేనే బాగా వెలుస్తుంది.

పరీక్ష ఇలా చెయ్యండి. యూనిఫాం చొక్కా గుడ్డనే, అంటే పాలిస్టర్, కాటన్ కలిసిన తెల్ల గుడ్డని, అరచేతి సైజు ముక్కలుగా కత్తిరించండి. ఒక్కో ముక్క మీద అరచెంచా ఆవకాయ నూనె వెయ్యండి.

- మొదటి ముక్క: మరక పడిన గంటలోపు ఉతకండి.
- రెండోది: ఒక రోజు అలా ఉంచి ఉతకండి.
- మూడోది: ఒక రోజు ఉంచి, మరక మీద వేడి ఇస్త్రీ చేసి, తర్వాత ఉతకండి.
- నాలుగోది: మరక వెయ్యకుండా ఉతకండి. పక్కన పెట్టి పోల్చడానికి ఇదే కావాలి.

అన్నిటికీ విడివిడిగా ఒక్కో బకెట్ నీళ్లు, ప్యాకెట్ మీద రాసిన కొలత, ఒక గంట నానబెట్టడం, ఒకే రకంగా రుద్దడం, ఎండలో ఆరెయ్యడం. తర్వాత పగటి వెలుగులో, ఈ పరీక్ష సంగతి తెలియని మనిషికి చూపించి "మరక ఎక్కడుందో చెప్పండి" అని అడగండి. వాళ్లు ఏ ముక్క మీద వేలు పెట్టలేకపోతే ఆ మరకే మీ యాడ్‌లోది.

ఉతుకుతున్నప్పుడు ఒకటి గమనించండి. మరకలో పసుపు ఉంటే, పొడి కలిపిన నీళ్లు తగలగానే అది ఎర్రబడుతుంది. సబ్బు పొడిలోని క్షారానికి పసుపు అలా స్పందిస్తుంది, బాగా జాడిస్తే మళ్లీ పచ్చగా మారుతుంది. ఇది తెలియకపోతే ఎజిటేషన్ దగ్గర పెద్ద గోతిలో పడతారు. అక్కడికి వచ్చాక చెప్తాను.

## 2. పరిష్కారం ముందు రాయండి

చూసేవాళ్లకి కనిపించే వరుస సమస్య, ఎజిటేషన్, పరిష్కారం. రాసే వరుస దీనికి తలకిందులు. పరీక్షలో నిజంగా జరిగినది ఏమిటో ఒక్క వాక్యంలో రాసుకోండి. మన ఉదాహరణలో అది ఇది: "ఒక రోజు పాత ఆవకాయ మరక, గంట నానబెట్టి, ఉతికి, ఎండలో ఆరేస్తే కనిపించలేదు."

ఈ వాక్యంలో నానబెట్టడం ఉంది, ఎండ ఉంది. ఆ రెండూ యాడ్‌లో కనిపించి తీరాలి. "ఒక్క ఉతుకుతో మాయం" అని రాసి, కింద చీమ తలకాయంత అక్షరాల్లో "గంట నానబెట్టాలి" అని పెట్టడం పనికిరాదు. చెప్పిన మాటకి ఎదురుపోయే డిస్‌క్లెయిమర్‌ని 2022లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు ఒప్పుకోవు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, తప్పుదోవ పట్టించే ప్రకటనకి తయారీదారుకి 10 లక్షల దాకా జరిమానా పడొచ్చు. లోకల్ కేబుల్ యాడే కదా అని మినహాయింపేమీ ఉండదు.

డిస్‌క్లెయిమర్ అవసరమైతే దానికి టైము ఇప్పుడే పక్కన పెట్టండి. అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ నియమం ప్రకారం ఒక్కో లైను నాలుగు సెకన్లకి మించి తెర మీద ఉండాలి, యాడ్ ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే ఉండాలి. మన లైను: "ఒక రోజు పాత ఆవకాయ నూనె మరక, గంట నానబెట్టి ఉతికి ఎండలో ఆరేశాక." అంటే పరిష్కారం భాగం ఐదు సెకన్లకి తగ్గడానికి వీల్లేదు. యాడ్ మొత్తం కొలత ఇక్కడి నుంచే మొదలవుతుంది.

## 3. ఎజిటేషన్: అదే మరక, ఒక మెట్టు కిందికి

ఎక్కువమంది తడబడేది ఇక్కడే కాబట్టి కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

మొదట తట్టే ఆలోచన: క్లాసులో పిల్లలు నవ్వారు, టీచరు నిలబెట్టింది, వాడు ఏడ్చాడు. ఇందులో మూడు తప్పులున్నాయి. కొత్త మనుషులు, కొత్త చోటు వచ్చి నాలుగు సెకన్లు పరిచయాలకే అయిపోతాయి. సమస్య మరక నుంచి అవమానం మీదికి జారిపోతుంది, సబ్బు పొడి అవమానాన్ని ఉతకలేదు. పైగా పిల్లాణ్ణి చిన్నబుచ్చి సరుకు అమ్మడం నాకు సరైన పనిగా అనిపించదు.

రెండో ఆలోచన: అత్తగారు కోడల్ని దెప్పడం. దీన్ని వదిలెయ్యడానికి నా ఇష్టాయిష్టాలు అక్కర్లేదు. ఇంటిపని ఆడవాళ్ల బాధ్యత మాత్రమే అన్నట్టు చూపించే యాడ్ల మీద అదే కౌన్సిల్ 2022లో మార్గదర్శకాలు తెచ్చింది.

మూడోది చాలా ఊరిస్తుంది. మామూలు సబ్బుతో రుద్దగానే మరక ఎర్రబడిపోవడం. తెర మీద అదిరిపోతుంది, ప్రతి ఇంట్లో తెలిసిన సంగతే. కానీ పైన చెప్పిన పసుపు గుణం గుర్తు తెచ్చుకోండి. మీ పొడి వేసినా బకెట్‌లో అదే ఎరుపు వస్తుంది. యాడ్ చూసి ప్యాకెట్ కొన్నావిడ ఆ ఎరుపు చూసి "వీళ్లదీ అంతే" అని పారబోస్తుంది. మీ సరుకు కూడా చేసే పనిని ఎజిటేషన్‌లో ఎప్పుడూ పెట్టకండి.

సరైన ఎజిటేషన్ దొరకాలంటే ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ చొక్కా తర్వాత ఎక్కడికి వెళ్తుంది? ఉతికాక తాడు మీదికి, తాడు మీద నుంచి ఇస్త్రీ బండి దగ్గరికి. ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో అపార్ట్‌మెంట్ గేటు పక్కన ఉండే బండి. ఇస్త్రీ అతను చొక్కా పరుస్తాడు, జేబు పక్కన మరక కనపడుతుంది, పెట్టె ఎత్తి అక్కడే ఆగిపోతాడు. "ఇస్త్రీ పెడితే ఇంక ముదిరిపోద్ది."

ఇది ఎందుకు పనిచేస్తుందంటే, మొదటి షాట్ కూడా ఈ బండి దగ్గరే, అంటే మరక అదే, చొక్కా అదే, చోటు అదే. కొత్తగా వచ్చినది వేడి ఒక్కటే. కాలిన పెట్టె మరకకి నాలుగు అంగుళాల దూరంలో ఆగి ఉంటే ఇప్పుడే ఏదో ఒకటి చెయ్యాలన్న తొందర దానంతటదే పుడుతుంది, ఎవరూ చెప్పనక్కర్లేదు. చెప్పేవాడు కూడా రోజూ వందల బట్టలు చూసే మనిషి, పొడి అమ్ముకునేవాడు కాదు.

ఆ మాట కూడా ఒక క్లెయిమే అని మరిచిపోకండి. పరీక్షలో మూడో ముక్క ఇస్త్రీ చేసింది అందుకే. రెండో ముక్క కంటే మూడోది మొండికేస్తేనే ఈ మాట రాయండి. రెండూ ఒకేలా వదిలితే ఈ ఎజిటేషన్ వదిలెయ్యాలి.

రాసిన ఎజిటేషన్‌కి ఈ మూడు ప్రశ్నలు వేసి చూడండి:

- మొదటి షాట్‌లో లేని కొత్త మనిషి గానీ కొత్త చోటు గానీ వచ్చిందా? వస్తే తీసెయ్యండి.
- మరక పోతే ఈ బాధ కూడా పూర్తిగా పోతుందా? పోకపోతే అది వేరే సమస్య.
- సౌండ్ తీసేసి చూస్తే అర్థమవుతోందా?

## 4. సమస్య: మూడు సెకన్లు, ఒకే చూపు

యాడ్ మొదటి ఫ్రేములోనే మరక కనిపించాలి. బండి చూపించి, వీధి చూపించి, తండ్రీకొడుకులు నడిచొచ్చి... ఇదంతా 30 సెకన్ల అలవాటు. మన మొదటి షాట్ పైనుంచి తీసిన క్లోజప్: చెయ్యి చొక్కా పరిచి సవరిస్తుంది, జేబు పక్కన రూపాయి బిళ్ల కంటే కొంచెం పెద్ద మరక. "ఏటి సార్, ఆవకాయా?" అంతే. మరక పేరు ప్రశ్నలోనే వచ్చేసింది. "ఏటి" అన్న ఒక్క మాటతో ఇది ఏ ఊరి బండో కూడా తెలిసిపోయింది, దానికోసం బీచ్ రోడ్డు డ్రోన్ షాట్ అక్కర్లేదు.

చొక్కా తెచ్చినది తండ్రి కావడం కూడా కావాలనే. పైన చెప్పిన మూస ఒక్క మాట లేకుండా తప్పిపోతుంది.

## 5. సెకన్ల లెక్క, అక్షరాల లెక్క

తెలుగులో మాటలు లెక్కపెట్టి స్క్రిప్ట్ కొలిస్తే మోసపోతారు. "నానబెట్టి" ఒక మాటే, పలకడానికి నాలుగు అక్షరాలు. అందుకే పలికే అక్షరాలు లెక్కపెట్టండి. పొల్లు అక్షరాన్ని ముందుదానితో కలిపి ఒకటిగా తీసుకోండి. సెకనుకి ఐదు దాటితే వాయిస్ ఉరుకులు పెడుతుంది, పెద్దవాళ్లకి అందదు. 15 సెకన్లకి 60 దాటనివ్వకండి, 50 దగ్గర ఆగితే మౌనానికి చోటుంటుంది.

పొడి పేరు మూడక్షరాలు అనుకుని రాసిన మన స్క్రిప్ట్ ఇది:

0–3, సమస్య. పైనుంచి క్లోజప్. చొక్కా పరుస్తాడు, మరక.
ఇస్త్రీ అతను: "ఏటి సార్, ఆవకాయా?" (7 అక్షరాలు)

3–7, ఎజిటేషన్. బల్ల ఎత్తు నుంచి పక్క షాట్. పెట్టె వస్తుంది, మరక దగ్గర ఆగుతుంది.
ఇస్త్రీ అతను: "ఇస్త్రీ పెడితే ఇంక ముదిరిపోద్ది." (12)
తర్వాత ఒక సెకను మాట లేదు. తండ్రి చెయ్యి చొక్కా లాగేసుకుంటుంది.

7–12, పరిష్కారం. రెండు షాట్లు: కొలత కప్పుతో బకెట్‌లో పొడి, మునిగిన చొక్కా, తర్వాత డాబా మీద తాడు, ఎండ.
వాయిస్: "(పొడి పేరు) వేసి గంట నానబెట్టి, ఉతికి, ఎండలో ఆరెయ్యండి." (21)
కింద డిస్‌క్లెయిమర్, ఐదు సెకన్లూ.

12–15, రుజువు. మొదటి షాట్ ఫ్రేమే. పెట్టె జేబు మీదుగా సాగిపోతుంది. బల్ల అంచున ప్యాకెట్.
ఇస్త్రీ అతను: "ఇప్పుడు పెడతా సార్!" (7)
వాయిస్: పొడి పేరు. (3)

మొత్తం 50. మొదట రాసినప్పుడు ఎజిటేషన్‌లో తండ్రికి కూడా ఒక మాట ఉండేది: "రేపు వీడికి స్కూలుంది!" ఎనిమిది అక్షరాలే. కానీ అది పడితే ఆ ఒక్క సెకను మౌనం పోతుంది. భయం పుట్టించేది ఆ మౌనమే, అందుకే మాట పోయింది. ఎప్పుడైనా కోత వెయ్యాల్సి వస్తే ఎజిటేషన్‌లో మాటలు కొయ్యండి, సెకన్లు కొయ్యకండి.

ఎడిటర్‌కి ఇచ్చేటప్పుడు ఫ్రేములు రాసివ్వండి. సెకనుకి 25 ఫ్రేముల లెక్కన భాగాల మధ్య కట్లు 75, 175, 300 దగ్గర, ముగింపు 375 దగ్గర.

## 6. షూటింగ్ రోజు

మరక పరీక్షలో వాడిన ఆవకాయతోనే వెయ్యాలి. పెయింటు, ఫుడ్ కలర్ వద్దు. మరక పోయిన చొక్కా కూడా ఆ చొక్కానే కావాలి. కొత్తది తెచ్చి పెడితే అది అబద్ధం, పైగా జేబు కుట్టు చూసి పట్టేస్తారు. అందుకని షూటింగ్ రెండు రోజులు పెట్టుకోండి. ముందు రోజే మరక వేసి ఉంచుకుని, మొదటి రోజు పొద్దున మొదటి రెండు షాట్లు, ఆ తర్వాత అక్కడే నానబెట్టి ఉతికి ఆరెయ్యడం. రెండో రోజు అదే వేళకి చివరి షాట్. జాగ్రత్త కోసం మూడు చొక్కాల మీద మరక వేసి, ఒక్కోదాని కాలర్ లోపల గుర్తు పెట్టుకోండి.

మొదటి షాట్‌కి, చివరి షాట్‌కి కెమెరా ఎత్తు, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ చేత్తో లాక్ చేసి, కాగితం మీద రాసుకోండి. ఆటోలో వదిలేస్తే రెండోసారి చొక్కా నీలంగానో పచ్చగానో వస్తుంది. కలర్ గ్రేడింగ్‌లో చివరి షాట్‌ని మాత్రమే తెల్లగా లేపడం కూడా మోసమే.

వేళ ఏడు నుంచి ఎనిమిదిన్నర మధ్య మంచిది. తర్వాత తెల్ల గుడ్డ మీద ఎండ పడి మరక అంచులు చెదిరిపోతాయి. మధ్యాహ్నం సముద్రం గాలి మొదలైతే బల్ల మీద చొక్కా నిలవదు. తాడు మీద షాట్‌కి మాత్రం ఆ గాలే కావాలి, దాన్ని మధ్యాహ్నానికి ఉంచుకోండి. వానాకాలంలో ఈ యాడ్ పెట్టుకోవద్దు. గాలిలో తేమకి చొక్కా ఆరదు, ఎండ లేకపోతే పసుపు పోదు.

ఇప్పుడు చాలామంది గ్యాస్ ఇస్త్రీపెట్టెకి మారారు. బొగ్గుల పెట్టె దొరికితే అదే వాడండి, మూత సందులోంచి కనిపించే నిప్పు సౌండ్ లేకుండానే వేడి సంగతి చెప్తుంది.

## 7. ఎడిట్ టేబుల్ మీద బయటపడే లోపాలు, సరిదిద్దే దారి

"మరక సరిగ్గా కనపడట్లేదు." మొబైల్‌లో చూసినప్పుడు తెలుస్తుంది. మరక పెద్దది చెయ్యకండి, కెమెరా దగ్గరికి తీసుకెళ్లండి. ఫ్రేము వెడల్పులో ఆరో వంతు మరక ఉంటే చాలు.

ఎజిటేషన్ మెత్తగా ఉంది. సాధారణంగా పెట్టె మరకకి దూరంగా ఆగి ఉంటుంది, లేదా వెనక మ్యూజిక్ ఆగకుండా మోగుతుంటుంది. మూడో సెకను నుంచి ఏడో సెకను దాకా మ్యూజిక్ తీసేసి, పెట్టె చప్పుడూ వీధి చప్పుడూ మాత్రమే ఉంచండి. మ్యూజిక్ బకెట్‌తో మొదలవ్వాలి.

పరిష్కారం గారడీలా ఉంది. బకెట్ నుంచి నేరుగా తెల్ల చొక్కాకి దూకితే ఇలా అవుతుంది. తాడు షాట్‌ని కనీసం రెండున్నర సెకన్లు ఉండనివ్వండి. సమయం గడిచిందని తెలిస్తేనే నమ్ముతారు.

పక్క కంపెనీ ప్యాకెట్ గుర్తుపట్టేలా పడింది. బండి మీదో బాత్రూం గట్టు మీదో రంగుల డబ్బా ఉండిపోతుంది. పేరు కనపడకపోయినా రంగు చూసి గుర్తుపడతారు, గొడవ కోర్టు దాకా వెళ్లొచ్చు. మళ్లీ తీయండి, బ్లర్ చేస్తే దాని మీదికే ఇంకా కన్ను పోతుంది.

## 8. పంపేముందు

- సౌండ్ లేకుండా, ఫోన్లో, చెయ్యి చాచినంత దూరంలో పెట్టి చూశారా?
- డిస్‌క్లెయిమర్ తెలుగులో, కదలకుండా, నాలుగు సెకన్లకి పైగా ఉందా?
- మరక పరీక్ష ఫొటోలు, తేదీ, కొలతలు ఒక ఫైల్లో ఉన్నాయా? ఎవరైనా ఫిర్యాదు చేస్తే ముందు అడిగేది ఇదే.
- మొదటి, చివరి షాట్లు పక్కపక్కన పెడితే, మరక లేని చోట చొక్కా తెలుపు రెండింటిలో ఒకటేనా?

అన్నీ సరిపోయాక యాడ్ సంగతి తెలియని ముగ్గురు నలుగురికి ఒక్కసారే చూపించి, "ఇస్త్రీ అతను ఎందుకు ఆగాడు?" అని అడగండి. "మరక ముదురుతుందని" అంటే ఎజిటేషన్ దిగింది. "చొక్కా మాసిందని" అంటే రెండో షాట్‌లో పెట్టె మరకకి ఇంకా దగ్గరగా రావాలి, లేదా అది ఆగిన క్షణం మరో పది ఫ్రేములు నిలవాలి. ఆ పది ఫ్రేములు మొదటి షాట్‌లోంచి తియ్యండి, తాడు మీది చొక్కా నుంచి కాదు.